కరణము ఇచ్చిన సాక్ష్యము

(ధ్యానించవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 17:16-34, 19:21-41)



మా గ్రామములో ఏటేటా డిసెంబరు నెలలో క్రిస్మస్ కూడికలు జరుగును. ఆలయము చిన్నది గనుక ముందున్న ఖాళీ స్థలములో పందిరి వేసి, మైకు పెట్టి జరుపుతాము. ఇరుగుపొరుగు వారు, అందులో ఎక్కువమంది హైందవులే, పందిరి అంచున నిలబడి వింటారు. కొందరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చాపలమీద కూర్చుంటారు కూడా. వారు వచ్చినందుకు మేము ఎంతో సంతోషించేవారము. అయితే వారు అక్కడ కూర్చుండి ఏమి వింటున్నారో మేమెన్నడూ ఆలోచించలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన ఒక సంగతి మమ్మును ఆలోచింపజేసినది. అందులో తప్పు మాదే గనుక దాచకుండ చెప్పుచున్నాము.

ఆ సాయంకాలము ఇరవై మూడేళ్ళ యౌవనస్థుడొకడు సాక్ష్యము చెప్పుటకు లేచాడు. బాప్తిస్మము పొంది అప్పటికి రెండేళ్ళు. తన కుటుంబములో విశ్వసించినవాడు అతడొక్కడే. ఎంతో బ్రతిమాలి ఆ రోజు తల్లిని కూడికకు తీసుకొనివచ్చాడు. ఆమె వెనుక గుంజకు ఆనుకొని కూర్చున్నది. అతడు మైకు పట్టుకొని, "మా ఇంట్లో రాళ్ళకూ రప్పలకూ, దయ్యాలకూ మొక్కేవాళ్ళం. నేను ఆ చీకటిలోనుంచి బయటికి వచ్చాను. మా అమ్మ ఇంకా ఆ దయ్యాల చెరలోనే ఉంది" అన్నాడు. సంఘమంతయు "స్తోత్రము" అన్నది. పక్కన నిలిచియున్న మేము కూడ మైకులో "హల్లెలూయ" అన్నాము. తల ఎత్తి చూచేసరికి ఆ తల్లి కూర్చున్న చోటు ఖాళీగా ఉన్నది.

మేనమామ అడిగిన ప్రశ్న

మూడవ రోజున ఆ అబ్బాయి మేనమామ మా ఇంటికి వచ్చాడు. వెంట అతని కుమారుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. వారి నలుబది యొక్క రోజుల దీక్షా, మన క్రిస్మస్ కూడికలూ ఒకే కాలములో వచ్చునని మన గ్రామాలలో అందరికీ తెలిసినదే. మా యౌవనస్థులలో ఒకరు ఆ సాక్ష్యమును ఫోనులో తీసి పదిమందికి పంపగా, అది చేతులు మారి వారి ఇంటికే చేరినది. ఆయన ఫోను మా ముందు పెట్టి ఇలా అన్నాడు.

"అయ్యగారూ, మీ దేవుడి గురించి మీరు ఎంతైనా చెప్పుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ వీడికి అయిదేళ్ళప్పుడు జ్వరం తలకెక్కి మూడురోజులు కన్ను తెరవలేదు. మా అక్క తిండి మానేసి, తడిబట్టతో అమ్మవారి గుడిచుట్టూ తిరిగింది. వీడు బతకాలని. దాన్ని వీడు దయ్యాలకు మొక్కడం అంటాడా? మీరు పక్కనుండి హల్లెలూయ అంటారా?"

మా నోట మాట రాలేదు. ఆ కుర్రవాడు దేవుని మహిమపరచవలెననే అనుకున్నాడు, సందేహము లేదు. కాని అతడు దయ్యముల చెర అని పిలిచిన దానిలో అతని తల్లి యొక్క ప్రేమ అంతయు ఉన్నది. మేము ఆ సాక్ష్యమును ముందుగా వినలేదు. వినియుంటే దిద్దియుండేవారమా అని మమ్మును మేమే ప్రశ్నించుకొనగా, దిద్దియుండేవారము కాదనే జవాబు వచ్చినది. ఎందుకనగా ఆ మాటలు అతడు నేర్చుకొన్నది మా ప్రసంగములలోనే.

ఎఫెసులో ఏమి జరిగినది?

ఆ వారములో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము మరల చదివాము. ఎఫెసు పట్టణములో అర్తెమి దేవి గుడి ఉండేది. ఆనాటి లోకములో పేరుపొందిన గుడులలో అది ఒకటి. పౌలు ఆ పట్టణములో తురన్ను అనువాని పాఠశాలలో రెండు సంవత్సరములు ప్రతిదినము బోధించాడు. అతని బోధవలన వెండి గుళ్ళు చేసి అమ్ముకొనేవారికి బేరము తగ్గిపోగా, దేమేత్రి అను కంసాలి జనమును రేపినాడు. పట్టణమంతయు నాటకశాలలోనికి పరుగెత్తి రెండు గంటలసేపు కేకలు వేసినది. అప్పుడు పట్టణపు కరణము వచ్చి జనమును శాంతపరచి, 37వ వచనములో ఒక మాట చెప్పాడు. మీరు పట్టుకొనివచ్చిన ఈ మనుష్యులు గుడిని దోచినవారు కారు, మన దేవతను దూషించినవారును కారు అని దాని తాత్పర్యము.

ఈ సాక్ష్యము ఇచ్చినది ఎవరు? విశ్వాసి కాడు. పౌలు స్నేహితుడని కూడ వ్రాయబడలేదు. ఆ దేవతయొక్క పట్టణములో ఉద్యోగము చేయుచు, ఆ దేవతను గొప్పగా ఎంచే మనిషి. అంత అల్లరి మధ్య, వేలమంది వినుచుండగా, రెండేళ్ళు ఊరిలో బోధించిన వారిమీద దూషణ నేరము లేదని అతడు చెప్పగలిగాడు. అది అబద్ధమైతే ఆ జనములోనుండి ఒక్కడైనా లేచి, "ఫలానా రోజున ఇట్లు దూషించెను" అని చెప్పియుండేవాడు.

ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. పౌలు నోరు మూసుకొని ఊరకుండలేదు. చేతులతో చేయబడినవి దేవతలు కావని పౌలు చెప్పుచున్నాడని దేమేత్రి చేసిన ఆరోపణ 26వ వచనములోనే ఉన్నది. ఏథెన్సులో కూడ పౌలు దాదాపు అదే మాట అన్నాడు గనుక ఆ ఆరోపణలో నిజమున్నది. అంటే పౌలు తాను నమ్మిన సత్యమును దాచలేదు. అయినను వారి దేవత పేరెత్తి ఎగతాళి చేయలేదు. సత్యము చెప్పుట వేరు, దూషించుట వేరు. ఆ రెంటి మధ్యనున్న గీత ఎక్కడున్నదో పౌలుకు తెలుసును. మాకు తెలియలేదు.

మా ఊరి కరణమును పిలిచి అడిగితే మాగురించి అట్టి సాక్ష్యము ఇవ్వగలడా? ఆ డిసెంబరులో అయితే ఇవ్వలేడు.

"అన్యులు" ఎవరు?

మేము మొట్టమొదట మా సొంత మాటలను పరీక్షించుకొన్నాము. పాత ప్రసంగముల నోటుపుస్తకములు తీసి చూడగా, అన్నిటికంటె ఎక్కువసార్లు కనబడిన మాట "అన్యులు". "మన పక్కింటి అన్యులు", "అన్యుల పండుగ", "అన్యుల పిల్లను చేసుకొన్నాడు" - ఇలాగే మన సంఘములలో మాట్లాడుకొంటాము. ఇది బైబిలు మాటే గదా అని మనము ధైర్యముగా వాడతాము.

నిజమే, తెలుగు బైబిలులో "అన్యజనులు" అను మాట ఉన్నది. దానికి గ్రీకు మూలములోనున్న పదము "ఎత్నే". జనములు, జాతులు అని దాని అర్థము. యూదులు తాము కాని మిగిలిన జనములన్నిటినీ అలా పిలిచేవారు. ఆ లెక్కన అన్యజనులు ఎవరు? యూదులుగా పుట్టని మనమందరమును! రోమా పత్రిక 11:13లో పౌలు అన్యజనులైన మీతో మాట్లాడుచున్నాను అన్నప్పుడు అతడు పిలిచినది రోమాలోని క్రైస్తవ విశ్వాసులను. ఎఫెసీ పత్రిక 2:11లోను అంతే. కాబట్టి తెలుగు క్రైస్తవుడు తన పొరుగున ఉన్న హైందవుని "అన్యుడు" అని పిలిస్తే, బైబిలు లెక్క ప్రకారము తననుకూడ ఆ మాటతోనే పిలుచుకొనవలెను. మనము ఆ మాటను మనమీదనుండి తీసి వారిమీద వేసితిమి. పైగా తెలుగులో "అన్యుడు" అంటే పరాయివాడు. మన పొలము గట్టు ప్రక్కవాడు, మన పిల్లలతో ఒకే బడిలో చదువుకొన్నవాడు పరాయివాడెట్లా అగును?

ఇక మన భక్తి మాటలు ఎక్కడివి? దేవుడు, భక్తి, ప్రార్థన, కీర్తన, ఆలయము, పాపము, కృప - ఇవన్నియు సువార్త మన దేశమునకు రాకముందే ఈ నేలమీద ఉన్న మాటలు. పందొమ్మిదవ శతాబ్దములో పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవ కీర్తనలు వ్రాసినప్పుడు మన దేశపు రాగములలోనే వ్రాశారు. మన పొరుగువారి పెద్దల నోట పెరిగిన మాటలతో మనము దేవుని స్తుతించుచున్నాము. అటువంటప్పుడు వారిని తక్కువచేసి మాట్లాడుట తగునా?

దిద్దుకొన్న మాటలు

సంఘ పెద్దలతో కూర్చుండి కొన్ని మాటలు మానుకొన్నాము. "అన్యులు" అనుటకు బదులు "హైందవ సహోదరులు", "పొరుగువారు" అంటాము. "తురకలు" అనుట మాని "ముస్లిములు" అంటాము. ఆ మాట ఒకప్పుడు మామూలుగా వాడుకలో ఉన్నను, ఈనాడు వారికి నొప్పి కలిగించుచున్నది గనుక మానుట మంచిది. మాలలో ఉన్నవారు ఎదురైతే ఊరివారందరు పిలిచినట్లే "స్వామీ" అని పలుకరిస్తాము. అది ఆ దీక్షలో ఉన్న మనిషిని పిలిచే పిలుపు. పిలిచినంత మాత్రమున మన విశ్వాసము పోదు.

ప్రసాదము సంగతిలో చాలా ఇండ్లలో గాయములు అయినవి. తెచ్చినవారి ముఖముమీదనే "అది దయ్యాల కూడు, మేము ముట్టము" అన్నవారున్నారు. విగ్రహములకు అర్పించినదానినిగూర్చి పౌలు కొరింథీ సంఘమునకు రెండు మూడు అధ్యాయములు వ్రాశాడు. అవి విశ్వాసులు తమ మనస్సాక్షినిగూర్చి తేల్చుకొనుటకు వ్రాసిన మాటలు. గుమ్మములో నిలిచిన పొరుగింటి ఆమె ముఖాన విసరుటకు కాదు. తీసుకొనని వారు, "ఏమనుకోకు వదినా, మేము తీసుకోము. గుర్తుపెట్టుకుని తెచ్చావు, లోపలికి రా, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటే చాలును. తీసుకొనలేదన్న సంగతి అందులో స్పష్టముగానే ఉన్నది. అవమానము మాత్రము లేదు.

మైకులో చేసే ప్రార్థనలను కూడ దిద్దుకొన్నాము. "ఈ గ్రామములోని విగ్రహములు కూలిపోవును గాక" అని ఎలుగెత్తి ప్రార్థించుట మాలో ఉండేది. గుడి ముందు కూర్చున్న పూజారిగారి చెవిలో ఆ మాట ఎలా పడుతుంది? తన ఇల్లు కూలిపోవలెనని పొరుగువాడు శపించినట్లే గదా. యిర్మీయా 29:7లో దేవుడు తన ప్రజలను ఏ పట్టణమునకు చెరగా పంపెనో ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థించుమన్నాడు. అది బబులోను, విగ్రహములు నిండిన పట్టణము. కాబట్టి ఇప్పుడు మేము ఊరి పంటకొరకు, కాలువ నీటికొరకు, రోగులకొరకు, పంచాయతీ పెద్దలకొరకు ప్రార్థిస్తాము.

ఎగతాళి కాకపోయినను అబద్ధమయ్యే మాటలు కొన్ని ఉన్నవి. "వారు రాయిని దేవుడంటారు" అని మనము తేలికగా చెప్పుచున్నాము. ఏ హైందవుడైనను తాను రాయికి మొక్కుచున్నానని ఒప్పుకొనడు. ప్రాణప్రతిష్ఠ చేసిన తరువాత ఆ మూర్తిలో దైవము ఉన్నదని అతని నమ్మకము. ఆ నమ్మకముతో మనము ఏకీభవింపము. అయితే ఏకీభవింపకపోవుట ఒకటి, అతడు అననిదానిని అన్నాడని చెప్పుట మరియొకటి. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ ప్రసంగ వేదికమీద రద్దు కాలేదు. ఇతరుల విశ్వాసమునుగూర్చి ఏదైనా చెప్పవలసివస్తే, వారు విని "అవును, మేము నమ్మేది అదే" అనగలిగేటట్లు చెప్పవలెను. అలా చెప్పుట చేతకాకపోతే ఆ సంగతి ఎత్తకుండుటే మేలు.

ఏలీయా ఎగతాళి చేయలేదా?

ఈ మాటలు మా సంఘములో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, కర్మెలు కొండమీద ఏలీయా బయలు ప్రవక్తలను అపహసించలేదా? మీరు సువార్తను నీళ్ళు పోసి పలుచన చేస్తున్నారు" అన్నాడు. ఆ ప్రశ్న అడుగదగినదే.

ఒకటవ రాజులు 18వ అధ్యాయములో ఏలీయా ఎవరి మధ్య నిలిచాడు? తన సొంత జనమైన ఇశ్రాయేలీయుల మధ్య. యెహోవాతో నిబంధన చేసికొని తప్పిపోయిన వారు వారు. బయలు ప్రవక్తలు రాజుగారి అండతో, రాణి యెజెబెలు బల్లయొద్ద భోజనము చేయుచున్నవారు. ఏలీయా యెహోవా ప్రవక్తలలో తానొక్కడనే మిగిలితినన్నాడు. ప్రాణమునకు తెగించి సింహాసనము ముందు నిలిచిన మాట అది. దానిని తెచ్చి, మన దేవునితో ఏ నిబంధనయు చేయని పొరుగువారిమీద, అదియు మైకు చాటున నిలిచి వాడుట ఏలీయా ధైర్యము కాదు.

నిబంధన ఎరుగని జనము మధ్య ఎలా మాట్లాడవలెనో చూపించుటకు మనకు ఏథెన్సు ఉన్నది. 17:16లో పట్టణము విగ్రహములతో నిండియుండుట చూచి పౌలు ఆత్మ పరితాపము పొందినదని ఉన్నది. లోపల అంత బాధ ఉన్నది. కాని నోరు తెరచినప్పుడు వచ్చిన మొదటి మాట మీరు మిక్కిలి భక్తిగలవారని గమనించాను అన్నది. వారి బలిపీఠములలో ఒకదానిని ఎగతాళికి కాక, మాట కలుపుటకు తీసుకొన్నాడు. వారి సొంత కవులు చెప్పిన మాటను ఆదరముగా ఎత్తి చూపాడు. అక్కడనుండి మారుమనస్సు, తీర్పు, మృతుల పునరుత్థానము - ఏదియు వదలకుండ చెప్పాడు. పలుచన చేయుట అంటే చెప్పవలసినదానిని మింగివేయుట. పౌలు ఒక్కటియు మింగలేదు.

ఆ పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "అయితే యేసే మార్గము అని చెప్పవచ్చునా?" అన్నాడు. చెప్పవచ్చును, చెప్పవలెను. యోహాను 14:6 మన విశ్వాసము. ఆ వాక్యములో యేసు తననుగూర్చి చెప్పుకొన్నాడు, ఎవరినీ తిట్టలేదు.

చట్టమునుగూర్చి కూడ ఒక మాట. ఉద్దేశపూర్వకముగా, దురుద్దేశముతో ఒక మతమును గాని మతవిశ్వాసమును గాని అవమానించుట 1927 నుండి మన దేశములో నేరము. భారత శిక్షాస్మృతిలో అది 295ఏ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను. మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండునూ గాని విధించవచ్చును. మనలను దూషించేవారికిని ఇదే చట్టము వర్తించును. అయితే మనము నాలుక అదుపులో పెట్టుకొనవలసినది జైలు భయముతో కాదు. 1 పేతురు 3:15లో నిరీక్షణనుగూర్చి అడిగినవారికి సాత్వికముతోను భయముతోను జవాబు చెప్పుమని ఉన్నది. పోలీసువారు లేని చోటను ఆ ఆజ్ఞ ఉన్నది.

విన్నవారు తిరిగి మాట్లాడినప్పుడు

ఈ దినములలో ఆలయపు నాలుగు గోడల మధ్య చెప్పిన ప్రసంగముకూడ ఫోనులలో ఊరంతా తిరుగుచున్నది. లోపలివారికొక భాష, బయటివారికొక భాష అని పెట్టుకొన్నవారి గుట్టు ఇక దాగదు. విన్న హైందవులు, ముస్లిములు తిరిగి సందేశములు పంపుతారు, ఫోను చేస్తారు, దారిలో ఆపి అడుగుతారు. వారికి ఎలా జవాబు చెప్పవలెను?

ఏథెన్సులో పౌలు మాట విన్నవారు మూడు తెగలుగా విడిపోయారని 17:32-34లో చూస్తాము. కొందరు అపహసించారు. కొందరు దీనినిగూర్చి ఇంకొకసారి వింటామన్నారు. కొందరు విశ్వసించారు; దియొనూసి, దమరి అను ఇద్దరి పేర్లు కూడ వ్రాయబడినవి. మాకు వచ్చే మాటలును దాదాపు ఆ మూడు తెగలే.

అపహసించిన వారికి పౌలు ఏమి జవాబు చెప్పాడు? ఏమియు లేదు. వారి మధ్యనుండి వెళ్ళిపోయాడని 33వ వచనములో ఉన్నది. మేమును అంతే చేయ నిశ్చయించుకొన్నాము. ఇందులో కష్టము అపహాసకులతో కాదు, మా వారితోనే. ఎవరో "డబ్బులకోసం మతం మార్చుకున్నవాళ్ళు" అని ఒక మాట పంపగా మా కుర్రవాళ్ళు పదకొండుమంది రాత్రికి రాత్రి జవాబులు పంపారు. తెల్లవారేసరికి వారి దేవతల పేర్లు కూడ అందులో వచ్చినవి. మొదటివాడు వేసినది ఒక రాయి. మా వారు వేసినవి పదకొండు. అప్పటినుండి సంఘము తరపున జవాబు చెప్పేవారిని ఇద్దరినే పెట్టుకొన్నాము: మేము, మా సంఘములోని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మిగిలినవారు మౌనముగా ఉంటారు. మేము కూడ కోపము పుట్టిన రాత్రి జవాబు వ్రాయము, తెల్లవారిన తరువాతనే వ్రాస్తాము.

ఇంకొకసారి వింటామన్నవారికి మేము పదిమందిలో జవాబు చెప్పము. పదిమంది చూచుచుండగా చెప్పిన జవాబు పందెమువలె మారును. అడిగినవాడు ఓడిపోకూడదని పట్టుదలకు వస్తాడు. గనుక ఫోను చేస్తాము, లేదా ఇంటికి వెళ్ళుతాము. ఒక ఉపాధ్యాయురాలు, "మా దేవుళ్ళు అబద్ధమని మీరు అంటారా, అనరా? సూటిగా చెప్పండి" అని అడిగింది. మేము ఇట్లు చెప్పాము: "అమ్మా, యేసు ఒక్కడే రక్షకుడని మేము నమ్ముతాము. అది మీ నమ్మకంతో కలవదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. అది దాచి మిమ్మల్ని మోసం చెయ్యము. కానీ మీ భక్తి అబద్ధమని గాని, మీ హృదయం ఎటువంటిదని గాని తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. ఆయన మాకు ఏమి చేశాడో అడగండి, చెబుతాము." ఆమె ఒప్పుకొనలేదు. కాని ఆ తరువాత మరి రెండు ప్రశ్నలు అడిగింది.

ఇక ప్రార్థన అడిగేవారు ఉన్నారు. పిల్లవానికి ఒంట్లో బాగులేదనియు, కూతురికి కానుపు అనియు హైందవ తల్లులు వచ్చి ప్రార్థన చేయుమందురు. ప్రార్థన చేయవలెను, షరతు పెట్టకూడదు. ఆసుపత్రికి వెళ్ళుట మానవద్దని కూడ చెప్పవలెను. బాగుపడిన తరువాత ఆ ఇంటివారి పేరు వేదికమీద సాక్ష్యముగా ఎత్తుట వారి అనుమతి లేకుండ చేయకూడదు. నమ్మి చెప్పుకొన్న కష్టమును చాటించితే ఆ తల్లి మరల గుమ్మము తొక్కదు.

నాల్గవ తెగ

ఏథెన్సులో కనబడని నాల్గవ తెగ ఒకటి మాకు ఉన్నది. అది మా మాటవలన గాయపడినవారు. ఆ మేనమామ అటువంటివాడు. అతనిని అపహాసకునిగా ఎంచి వాదించియుంటే మేము మరింత పాపము చేసియుండేవారము.

ఆ రోజు ఆయనతో మేము ఇట్లన్నాము: "బాబాయిగారూ, ఆ మాట తప్పు. పక్కనుండి హల్లెలూయ అన్నది మా తప్పు. క్షమించండి." "మీ మనసు నొచ్చుకొనియుంటే" అనలేదు. "కుర్రవాడు తెలియక అన్నాడు" అని అతనిమీదకు తోయలేదు. మేము నమ్మిన సువార్తకొరకు క్షమాపణ చెప్పలేదు, ఆయన దానిని అడుగనూ లేదు. పలికిన మాటకొరకు చెప్పాము. అదే సాయంకాలము ఆ దృశ్యమును పంపిన కుర్రవానిచేత తీయించివేశాము. అందుకొన్న వారందరికి ఫోను చేసి, దానిని ఇక ఎవరికీ పంపవద్దని కోరాము. అందరు తీసివేసిరని చెప్పలేము. నోటినుండి వెళ్ళిన మాట మరల చేతికి రాదు.

మరుసటి దినము ఆ యౌవనస్థునితో కలిసి తల్లియొద్దకు వెళ్ళాము. ఆమె వాకిట్లో బియ్యము చెరుగుచున్నది, తల ఎత్తలేదు. కొడుకు కాళ్ళయొద్ద కూర్చుండి, "అమ్మా, తప్పయింది" అన్నాడు. చాలాసేపటికి ఆమె, "నువ్వు ఏ దేవుణ్ణి మొక్కినా నేను కాదన్నానా నాయనా? నలుగురిలో నన్ను దయ్యాల మనిషిని చేశావు" అన్నది. మేము బోధ చేయలేదు. ఆ ఇంటిలో ఆ దినము బోధించుటకు మాకు అర్హత లేదు.

తరువాత ఆ కుర్రవానితో కూర్చుండి సాక్ష్యమును మరల వ్రాయించాము. మొదటి సాక్ష్యములో ఎక్కువ మాటలు ఇతరులనుగూర్చి ఉన్నవి, యేసునుగూర్చి కొంచెమే ఉన్నది. రెండవ దానిలో అతడు ఇట్లు వ్రాశాడు: "మా అమ్మ భక్తిగల మనిషి. చేతులు జోడించడం నాకు నేర్పింది ఆమే. నేను పద్దెనిమిదేళ్ళకు తాగుడులో పడ్డాను. అమ్మ దాచుకున్న డబ్బు దొంగిలించాను. ఒక రాత్రి ఒక స్నేహితుడు నాకు యేసును గూర్చి చెప్పాడు. నా పాపం క్షమించబడిందని ఆ రాత్రి నాకు తెలిసింది. అప్పటినుంచి తాగలేదు." చూడండి, తాగుడు, దొంగతనము అను తన సొంత చీకటిని మొదటి సాక్ష్యములో అతడు చెప్పనే లేదు! తల్లి భక్తిని చీకటి చేసి తన పాపమును దాచుకొన్నాడు. దిద్దిన సాక్ష్యములో సువార్త తగ్గలేదు, పెరిగినది.

మరుసటి డిసెంబరులో అతడు ఆ సాక్ష్యము చెప్పాడు. తల్లి రాలేదు. ఈనాటికిని ఆమె మా పందిరిలో మరల కూర్చొనలేదు. మేమే పొడిచిన గాయము గనుక ఎప్పుడు మానునని అడిగే హక్కు మాకు లేదు. అయితే ఆరు నెలలు మాటలు లేని ఆ ఇంటిలో ఇప్పుడు కొడుకు అన్నము తినుచున్నాడు. మేనమామ దారిలో ఎదురైతే "ఏం అయ్యగారూ" అని పలుకరించుచున్నాడు.

ఇప్పుడు మేము ప్రసంగము సిద్ధపరచుకొన్న తరువాత ఒక్కసారి కన్నులు మూసుకొని, వెనుక గుంజయొద్ద ఆ తల్లి కూర్చున్నట్లు తలంచుకొని, ఆమె వినుచుండగా ఈ మాట చెప్పగలమా అని చదువుకొంటాము. చెప్పలేనిదానిని కొట్టివేస్తాము. క్రిస్మస్‌కు సాక్ష్యము చెప్పేవారినికూడ వారము ముందుగా పిలిచి, అలాగే చదివిస్తాము.

ప్రార్థన: ప్రభువా, నీ నామమును దాచకుండ చెప్పు ధైర్యమును, పొరుగువాని మనస్సు నొప్పింపకుండ చెప్పు జ్ఞానమును మాకు దయచేయుము. మా నోటివలన గాయపడినవారిని నీవే స్వస్థపరచుము. ఆమేన్.